మీటర్లో 12.4, సెల్ఫ్ కొడితే 8.5: చలి తెల్లవారుజామున ట్రాక్టర్ బ్యాటరీ ఎందుకు చతికిలపడుతుంది?

ట్రాక్టర్ బ్యాటరీ వీడియో చూసినవాళ్లలో చాలామంది ఒకటే అడిగారు. "మీటర్ పెడితే బ్యాటరీ బాగానే చూపిస్తోంది, సెల్ఫ్ కొడితే మాత్రం టక్ మని ఆగిపోతోంది, ఇందులో ఏది నిజం?" అని. రెండూ నిజమేనండి. ఆ రెండింటి మధ్యలో ఉన్నది బ్యాటరీ లోపలి నిరోధం, అంటే ఇంటర్నల్ రెసిస్టెన్స్. వీడియోలో అంకెలు గబగబా వెళ్లిపోయాయి కాబట్టి ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. పక్కన ఒక కాగితం పెట్టుకుని చదివితే మీ ట్రాక్టర్‌కి మీరే లెక్క కట్టుకోవచ్చు.

ప్రకృతి వ్యవసాయం చేసే మనకి ఈ గొడవ కొంచెం ఎక్కువ. దుక్కులు తగ్గించాం, ఆచ్ఛాదన వేశాం, కాబట్టి ట్రాక్టర్ వారాల తరబడి షెడ్డులోనే ఉంటుంది. తిరగని ట్రాక్టర్‌లో బ్యాటరీ ఛార్జ్ అవదు. అవసరం వచ్చేది మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి, కూరగాయల ట్రాలీ మార్కెట్‌కి బయల్దేరాల్సిన సమయంలో. ఆ గంట తప్పితే ఆ రోజు రేటు తప్పినట్టే.

అసలు జరిగింది ఏమిటి

వీడియోలో చూపించిన ట్రాక్టర్ జంగారెడ్డిగూడెం పక్క పల్లెలో మా బాబాయ్ గారిది. మూడు సిలిండర్ల ఇంజను, 12 వోల్టుల 88 ఏహెచ్ బ్యాటరీ, కొని నాలుగో ఏడు నడుస్తోంది. మధ్యాహ్నం పూట సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి అందుకుంటుంది. పుష్య మాసం చలికి తెల్లవారుజామున మాత్రం రెండు తిప్పులు మూలిగి ఆగిపోతోంది.

"ఒరే అబ్బాయ్, మధ్యాహ్నం బాగుండి పొద్దున్న చచ్చిపోయే బ్యాటరీ ఏంట్రా? రాత్రి ఎవరైనా వాడేస్తున్నారా?" అన్నారు బాబాయ్.

ఎవరూ వాడట్లేదు. మధ్యాహ్నం 31 డిగ్రీల వేడిలో ఒకసారి, మర్నాడు తెల్లవారుజామున 16 డిగ్రీల చలిలో ఒకసారి, రెండుసార్లూ ఒకేలా కొలిచాం. మల్టీమీటర్ ముళ్లు క్లాంపుల మీద కాకుండా నేరుగా బ్యాటరీ పోస్టుల మీద ఆనించాం. సెల్ఫ్‌కి వెళ్లే లావు వైరుకి డీసీ క్లాంప్ మీటర్ తగిలించాం.

మధ్యాహ్నం: సెల్ఫ్ కొట్టక ముందు 12.4 వోల్టులు. కొడుతున్నప్పుడు 9.8 వోల్టులు, 220 ఆంపియర్లు.

తెల్లవారుజామున: కొట్టక ముందు అదే 12.4. కొడుతున్నప్పుడు 8.5 వోల్టులు, 260 ఆంపియర్లు.

కొట్టక ముందు రెండుసార్లూ ఒకటే అంకె వచ్చింది. అంటే ఖాళీగా ఉన్న బ్యాటరీకి మీటర్ పెడితే చలి సంగతి అసలు తెలియదు. కరెంటు లాగినప్పుడే తెలుస్తుంది.

డ్రిప్ గేజ్‌తో పోల్చుకోండి

డ్రిప్ ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. వాల్వులన్నీ మూసి మోటార్ వేస్తే గేజ్ నిండుగా ప్రెజర్ చూపిస్తుంది. ఫిల్టర్ సగం పూడిపోయి ఉన్నా సరే, నీళ్లు కదలనంత సేపూ ఆ సంగతి బయటపడదు. వాల్వు తిప్పి నీళ్లు పారితే అప్పుడు ఫిల్టర్ దాటాక ప్రెజర్ పడిపోతుంది. ఒక్క లైను తిప్పితే కొంచెం, నాలుగు లైన్లు ఒకేసారి తిప్పితే చాలా.

బ్యాటరీ లోపల కూడా అలాంటి ఫిల్టర్ ఒకటి ఉందనుకోండి. కరెంటు బయటికి రావాలంటే సీసపు జాలీల గుండా, ప్లేట్లకి పట్టించిన మందు గుండా, మధ్యలో ఉన్న యాసిడ్ నీటి గుండా, సెల్‌కి సెల్‌కి మధ్య అతుకుల గుండా రావాలి. ఇవన్నీ కలిసి పెట్టే అడ్డే లోపలి నిరోధం. కరెంటు ఎంత ఎక్కువ లాగితే ఆ అడ్డు దగ్గర అన్ని వోల్టులు ఖర్చయిపోతాయి. మిగిలినవే బయట పోస్టుల దగ్గర మనకి కనిపిస్తాయి.

లెక్క ఇంతే:

```
R = (V1 - V2) / I
```

ఇక్కడ V1 కొట్టక ముందు వోల్టేజ్, V2 కొడుతున్నప్పటి వోల్టేజ్, I కరెంటు.

మధ్యాహ్నం లెక్క: 12.4 లోంచి 9.8 తీసేస్తే 2.6 వోల్టులు. దాన్ని 220 తో భాగిస్తే 0.0118 ఓమ్, అంటే సుమారు 12 మిల్లీఓమ్‌లు. తెల్లవారుజామున 3.9 వోల్టులు పడిపోయాయి. 260 తో భాగిస్తే 0.015 ఓమ్, అంటే 15 మిల్లీఓమ్‌లు. ఈ సైజు బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే ఎండపూట ఇలా కొలిచినప్పుడు 6 మిల్లీఓమ్‌ల చుట్టుపక్కల వస్తుంది. అంటే బాబాయ్ బ్యాటరీ మధ్యాహ్నం బాగా పనిచేస్తున్నట్టు కనిపించినప్పుడే అడ్డు రెట్టింపు అయి ఉంది.

అంకె చిన్నదే కదా అనిపిస్తుంది. ఒక ఓమ్‌లో వెయ్యో వంతు మిల్లీఓమ్. ట్రాక్టర్ లైట్లు వేస్తే లాగేది 9 ఆంపియర్లు, దానికి ఈ 15 మిల్లీఓమ్‌లు ఖర్చు చేయించేది 0.14 వోల్టు మాత్రమే. అందుకే లైట్లు తెల్లగా వెలుగుతాయి, హారన్ గట్టిగా మోగుతుంది, "బ్యాటరీ ఫుల్‌గా ఉంది" అనుకుంటాం. అదే 15 మిల్లీఓమ్‌లు 260 ఆంపియర్ల దగ్గర దాదాపు 4 వోల్టులు మింగేస్తాయి. వెలిగే లైటు సెల్ఫ్‌కి సాక్ష్యం కాదు.

చలి రెండు వైపులా కొడుతుంది

ఇప్పుడు మధ్యాహ్నం 9.8 ఉన్నది తెల్లవారుజామున 8.5 ఎందుకయిందో చూద్దాం. తేడా 1.3 వోల్టులు. ఇందులో ఇంజను వాటా ఎంత, బ్యాటరీ వాటా ఎంత?

ముందు ఇంజను సంగతి. చలికి ఇంజను ఆయిల్ చిక్కబడుతుంది. మనం వాడే 15డబ్ల్యూ-40 ఆయిల్ 15 డిగ్రీల దగ్గర, 40 డిగ్రీలప్పటికంటే మూడు నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. కాబట్టి ఇంజను తిప్పడం బరువవుతుంది. బరువు పెరిగితే సెల్ఫ్ మోటారు నెమ్మదిస్తుంది. ఈ మోటారు ఎంత నెమ్మదిగా తిరిగితే అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే 220 కాస్తా 260 అయింది. బ్యాటరీ అడ్డు మధ్యాహ్నం ఉన్నంతే ఉండి కరెంటు మాత్రమే పెరిగి ఉంటే, 260 ఆంపియర్లకి 3.1 వోల్టులు పడి 9.3 దగ్గర ఆగేది. అంటే 0.5 వోల్టు ఇంజను వాటా.

మిగిలిన 0.8 వోల్టు బ్యాటరీది. అడ్డు 12 నుంచి 15 మిల్లీఓమ్‌లకి పెరగడం వల్ల పోయింది. చలికి అడ్డు ఎందుకు పెరిగిందంటే, బ్యాటరీలో కరెంటు మోసేది యాసిడ్ నీళ్లలో కదిలే అయాన్లు. బెల్లం పాకం చల్లారితే గరిటె ఎలా బరువెక్కుతుందో, యాసిడ్ నీళ్లు చల్లబడినా అయాన్ల నడక అలాగే మందగిస్తుంది. ప్లేట్ల మీద జరగాల్సిన రసాయన చర్య కూడా చలికి నెమ్మదిస్తుంది.

మూడో సంగతి ఇంకోటి ఉంది. ప్లేటు పైకి గట్టిగా కనిపించినా లోపల స్పాంజిలా సన్నటి రంధ్రాలుంటాయి. సెల్ఫ్ కొట్టిన మొదటి క్షణాల్లో ఆ రంధ్రాల్లో ఉన్న యాసిడ్ ఖర్చవుతుంది. తర్వాత కావలసిన యాసిడ్ బయటి నీళ్లలోంచి లోపలికి ఊరాలి. చలిలో ఆ ఊరడం ఆలస్యమవుతుంది. అందుకే బటన్ నొక్కి పట్టుకున్నకొద్దీ వోల్టేజ్ ఇంకా ఇంకా దిగుతుంది. వదిలేసి ఒక నిమిషం ఆగితే రంధ్రాల్లోకి మళ్లీ యాసిడ్ చేరుతుంది, రెండోసారి కొంచెం బాగా తిరుగుతుంది. "ఆగి కొడితే అందుకుంటుంది" అని పెద్ద డ్రైవర్లు చెప్పేదానికి కారణం ఇదే. పది సెకన్లకు మించి నొక్కకండి. కనీసం ఒక నిమిషం ఆగాకే మళ్లీ నొక్కండి.

ఈ కారణంగానే మనం కట్టిన 12, 15 మిల్లీఓమ్‌లు ఇనప తీగ నిరోధంలా స్థిరమైన అంకెలు కావు. నొక్కి రెండో సెకనులో చూస్తే ఒకటి, ఎనిమిదో సెకనులో చూస్తే ఇంకోటి వస్తుంది. పోల్చుకోవాలంటే ప్రతిసారీ ఒకే సమయానికి, ఉదాహరణకి మూడో సెకనులో, అంకె రాసుకోవాలి.

మరి ఖాళీగా ఉన్నప్పుడు 12.4 ఎందుకు మారలేదు? ఆ వోల్టేజ్ వచ్చేది యాసిడ్ చిక్కదనం నుంచి, ప్లేట్ల రసాయనం నుంచి. ఉష్ణోగ్రత దాన్ని చాలా స్వల్పంగానే కదిలిస్తుంది. 15 డిగ్రీల తేడాకి మొత్తం బ్యాటరీ మీద ఒక వోల్టులో రెండు వందో వంతులు దాటదు. మన మామూలు మీటర్లో అది కనిపించదు.

8.5 వోల్టులు కూడా సెల్ఫ్‌కి చేరలేదు

బ్యాటరీ పోస్టుల దగ్గర 8.5 ఉంటే సెల్ఫ్ మోటారుకి ఎంత చేరుతోందో కూడా చూడాలి. దీనికి మీటర్‌ని వేరేలా పెట్టాలి. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండో ముల్లు రంగు లేని చోట ఇంజను ఇనుము మీద. సెల్ఫ్ కొడుతుండగా చూస్తే ఎర్త్ వైపు ఎంత పోతోందో తెలుస్తుంది. తర్వాత ప్లస్ పోస్టుకీ, సెల్ఫ్ మోటారు బోల్టుకీ మధ్య అలాగే చూడాలి. ఒక్కో వైపు అర వోల్టు దాటకూడదు.

బాబాయ్ ట్రాక్టర్‌లో ప్లస్ వైపు 0.3 వచ్చింది, పర్వాలేదు. ఎర్త్ వైపు 0.9 వచ్చింది. రెండూ కలిపి 1.2 వోల్టులు దారిలోనే పోతున్నాయి. సెల్ఫ్‌కి చేరేది 7.3 మాత్రమే.

ఇక్కడ పవర్ లెక్క చూస్తే విషయం ఇంకా సూటిగా అర్థమవుతుంది. 12.4 వోల్టులు, 260 ఆంపియర్లు అంటే 3,200 వాట్ల పైచిలుకు. అందులో సుమారు 1,000 వాట్లు బ్యాటరీ లోపలే వేడిగా పోయాయి. 300 వాట్లు వైర్లలో, అతుకుల్లో పోయాయి. ఇంజను తిప్పడానికి మిగిలింది 1,900 వాట్లు. డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్గు ఉండదు, గాలిని నొక్కగా పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. నెమ్మదిగా తిరిగితే ఆ వేడి చల్లటి సిలిండర్ గోడలకి పోతుంది, నొక్కిన గాలి రింగుల పక్కనుంచి జారుతుంది. అందుకే మూలుగుతూ తిరిగే ఇంజను తిరిగినా అందుకోదు.

ఎర్త్ వైరు బోల్టు విప్పి చూస్తే కింద తుప్పు, పైన రంగు. ఇసక కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూశాం. ఖర్చు ఏమీ లేదు. మర్నాడు తెల్లవారుజామున ఎర్త్ వైపు 0.2 వచ్చింది. సెల్ఫ్ దగ్గర 8 వోల్టుల దాకా చేరింది. ఇంజను రెండో ప్రయత్నానికి అందుకుంది.

అంటే బ్యాటరీ బాగుందని కాదండి. అడ్డు ఎక్కడ ఉన్నా సెల్ఫ్‌కి ఒకటే, అది బ్యాటరీ లోపల కావచ్చు, వైరులో కావచ్చు. వైరుది మనం తీసేయగలం. అందుకే కొత్త బ్యాటరీకి డబ్బులు కట్టకముందు ఈ రెండు కొలతలూ తీసుకోమంటున్నాను. అతుకు చెడ్డదయితే కొత్త బ్యాటరీ పెట్టినా మళ్లీ వచ్చే చలికి ఇదే కథ.

అడ్డు ఏ సెల్‌లో ఉంది?

12 వోల్టుల బ్యాటరీ అంటే రెండేసి వోల్టుల సెల్స్ ఆరు వరసగా కలిపినవి. కరెంటు ఆరింటి గుండా పోవాలి. ఒక్క సెల్ బలహీనమైతే మొత్తం వరస దాని వేగానికే నడుస్తుంది, ఒంటెద్దు కుంటితే బండి కుంటినట్టు.

మూతలు ఉన్న బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ చూడొచ్చు. బాబాయ్ బ్యాటరీలో వరసగా 1.240, 1.235, 1.240, 1.180, 1.235, 1.240 వచ్చాయి. ఐదు సెల్స్ దగ్గర దగ్గరగా ఉన్నాయి, నాలుగోది బాగా కిందకి ఉంది. ఒక మోటు లెక్క ఉంది. ఒక సెల్ రీడింగ్‌కి 0.84 కలిపితే దాని ఖాళీ వోల్టేజ్ వస్తుంది. ఆరింటికీ వేసి కూడితే 12.41. మీటర్లో వచ్చిన 12.4 అదే. మొత్తం చూస్తే ఫర్వాలేదనిపించిన అంకె లోపల ఒక చెడ్డ సెల్‌ని దాచిపెట్టింది.

హైడ్రోమీటర్ చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే చూడకండి, పైన నీళ్లే ఉంటాయి కాబట్టి తక్కువ చూపిస్తుంది. ఛార్జ్ చేసి కలిసేదాకా ఆగండి. రెండోది, చలికి రీడింగ్ కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి విడి అంకె కంటే సెల్స్ మధ్య తేడా ముఖ్యం. ఒక సెల్ మిగతావాటికంటే 0.030 లేదా అంతకుమించి తక్కువుంటే అనుమానించాలి.

ఆ సెల్ అలా ఎందుకయింది? వాడకుండా వదిలేసిన బ్యాటరీ తనంతట తానే కొంచెం కొంచెం దిగిపోతుంటుంది. దిగినప్పుడు ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది తిరిగి కరుగుతుంది. వారాల తరబడి అలాగే ఉంటే గట్టి పలుకులుగా మారిపోతుంది. ఆ పలుకులు కరెంటు మోయవు, రంధ్రాలని కూడా పూడ్చేస్తాయి. అడ్డు పెరగడమంటే ఇదే. యాసిడ్‌లోంచి పోయిన సల్ఫేటు ప్లేట్ల మీదే ఉండిపోయింది కాబట్టి ఆ సెల్‌లో రీడింగ్ కూడా తగ్గుతుంది.

ముందు నెమ్మదిగా ఛార్జ్ చేసి చూడాలి. 88 ఏహెచ్ బ్యాటరీకి 4, 5 ఆంపియర్లు చాలు, మిగతా ఐదు సెల్స్ రీడింగ్ పెరగడం ఆగి మూడు గంటలు గడిచేదాకా. నాలుగో సెల్ కూడా పెరిగి మిగతావాటితో కలిస్తే బ్యాటరీ ఇంకా బతికే ఉంది. బాబాయ్ బ్యాటరీలో అది 1.195 దగ్గర ఆగిపోయింది. ఆ సెల్ పని అయిపోయింది, బ్యాటరీ మార్చాల్సిందే. ఆ మాట ఇప్పుడు ఊహ మీద కాదు, కొలత మీద చెబుతున్నాం.

చంపేది వేసవి, బయటపెట్టేది చలి

బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుంది. కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ అన్నమాట. అమెరికా ఎస్ఏఈ పద్ధతిలో దాని అర్థం ఇదీ: మైనస్ 18 డిగ్రీల చలిలో, అన్ని ఆంపియర్లు 30 సెకన్ల పాటు లాగినా 12 వోల్టుల బ్యాటరీ 7.2 వోల్టుల కంటే కిందకి పడకూడదు. అంటే మంచి బ్యాటరీని నీళ్లు గడ్డకట్టే చలికంటే చాలా కింద పరీక్షించి అమ్ముతారు. మన మెట్ట ప్రాంతంలో 15, 16 డిగ్రీలు దానికి చలే కాదు. లంబసింగిలో సున్నా దగ్గరకి వెళ్లే రోజుల్లో కూడా ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ట్రాక్టర్ని లేపగలదు.

కాబట్టి మన దగ్గర చలికి ఆగిపోయిన బ్యాటరీని చలి పాడుచేయలేదు. పాడుచేసింది ముందు వెళ్లిన ఏప్రిల్, మే నెలలు. వేడికి ప్లేటు లోపలి సీసపు జాలీ తుప్పు పట్టి సన్నబడుతుంది, నీరు ఆవిరై ప్లేట్ల పైభాగం బయటపడుతుంది, తానే దిగిపోయే వేగం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి తరుగుదల సుమారు రెట్టింపవుతుందని బ్యాటరీవాళ్లు లెక్క వేసుకుంటారు. రేకుల షెడ్డు కింద వేసవంతా కదలకుండా ఉన్న ట్రాక్టర్ బ్యాటరీ అక్కడే సగం అయిపోతుంది. అయితే వేడిలో ఆయిల్ పల్చగా ఉంటుంది, యాసిడ్ చురుగ్గా ఉంటుంది, కాబట్టి పెరిగిన అడ్డు తెలియదు. పుష్యం వచ్చాక బయటపడుతుంది.

దీన్నిబట్టి చేయాల్సింది కూడా వేసవిలోనే ఉంది. వాడని ట్రాక్టర్ బ్యాటరీ మైనస్ వైరు తీసి ఉంచండి, బ్యాటరీని నీడలో పెట్టండి, నెలకోసారి ఛార్జ్ చేయండి, ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి. బోరు నీళ్లు వద్దు, అందులో ఉప్పులు, ఇనుము ఉంటాయి.

స్ప్రేయర్‌కి ఇదే లెక్క, చిన్న అంకెలతో

కషాయాలు, జీవామృతం కొట్టే 12 వోల్టుల 8 ఏహెచ్ స్ప్రేయర్ బ్యాటరీ కూడా సీసం బ్యాటరీయే. చిన్నది కాబట్టి కొత్తగా ఉన్నప్పుడే అడ్డు 20, 30 మిల్లీఓమ్‌లు ఉంటుంది. పంపు 3 ఆంపియర్లు లాగితే పడేది 0.1 వోల్టు లోపే. పాతబడి అడ్డు 400 మిల్లీఓమ్‌లు అయితే అదే పంపుకి 1.2 వోల్టులు పడతాయి. ఛార్జర్ మీద పచ్చ లైటు వెలుగుతుంది, పొలంలో రెండో ట్యాంకుకే ధార తగ్గిపోతుంది.

పరీక్ష తేలిక. ఛార్జ్ చేసి రెండు మూడు గంటలు వదిలేసి బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ రాసుకోండి. నీళ్లు పోసి నాజిల్ తెరిచి ఒక నిమిషం నడిపి మళ్లీ రాసుకోండి. తేడా పావు వోల్టు లోపు ఉండి కూడా ధార బలహీనంగా ఉంటే తప్పు బ్యాటరీది కాదు. జీవామృతం సరిగ్గా వడకట్టక జాలీ పూడిపోయి ఉంటుంది, లేదా స్విచ్చు, వైరు క్లిప్పులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. తేడా ముప్పావు వోల్టు దాటితే బ్యాటరీ ముసలిదయింది.

మీ ట్రాక్టర్‌కి ఎలా చూసుకోవాలి

గేరు న్యూట్రల్‌లో, పీటీఓ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి ఉంచండి. ఇంజను స్టాప్ నాబ్ లాగి పట్టుకుంటే డీజిల్ అందదు, ఇంజను తిరుగుతుంది కానీ అందుకోదు, కొలవడం తేలికవుతుంది. ఒకరు సెల్ఫ్ దగ్గర, ఒకరు మీటర్ దగ్గర ఉండాలి. ఛార్జ్ అయిన బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. వైరు విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. యాసిడ్ ఒంటి మీద పడితే ఆలోచించకుండా ఎక్కువ నీళ్లతో కడగండి.

రాత్రంతా ఆగి ఉన్న ట్రాక్టర్‌కి పొద్దున్నే మొదట ఖాళీ వోల్టేజ్ చూడండి. 12.4 కంటే తక్కువుంటే ముందు ఛార్జ్ చేయండి. దిగిన బ్యాటరీలో యాసిడ్ పల్చబడి అడ్డు ఎలాగూ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి బ్యాటరీ పోయిందని తీర్పు చెప్పకూడదు. తర్వాత సెల్ఫ్ కొట్టి మూడో సెకనులో పోస్టుల మీద వోల్టేజ్ రాసుకోండి. మన వాతావరణంలో 10.5 పైన ఉంటే నిశ్చింత. 9.6 కంటే దిగితే ఎర్త్ వైపు, ప్లస్ వైపు కొలతలు తీసి, తర్వాత సెల్స్ చూడండి. ఒకటి గుర్తుంచుకోండి. పోస్టుల మీద వోల్టేజ్ 11 పైనే ఉండి ఇంజను తిరగకపోతే బ్యాటరీని తిట్టకండి. కరెంటు అసలు వెళ్లడం లేదన్నమాట. వైరో, సొలెనాయిడో, సెల్ఫ్ మోటారో చూసుకోవాలి.

క్లాంప్ మీటర్ లేకపోయినా పర్వాలేదు. మిల్లీఓమ్‌లు కట్టలేరు కానీ, అదే ట్రాక్టర్, అదే పొద్దుటి పూట, అదే మూడో సెకను అంకెని ఏటా పోల్చుకుంటే చాలు.

బాబాయ్ కొత్త బ్యాటరీ తెచ్చిన మర్నాడే అదే తెల్లవారుజామున కొలిచాం. ఖాళీగా 12.6, సెల్ఫ్ కొడుతుండగా 10.6. తేదీ, చలి 16 డిగ్రీలు, ఈ రెండు అంకెలు మార్కర్ పెన్నుతో బ్యాటరీ మీదే రాసిపెట్టాం. వచ్చే ఏడు కార్తీకంలో, చలి ముదరక ముందే, మళ్లీ కొలుస్తాం. 10.6 కాస్తా 9.8 అయితే ఇంజను మొరాయించకముందే మనకి కబురు అందినట్టే. మీరూ కొలిచి మీ రెండు అంకెలు, బ్యాటరీ ఏహెచ్, ఎన్నేళ్లయిందో వీడియో కింద రాయండి, కలిపి చూద్దాం.